స్వాతీ, ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కి ముందు ఒక్క మాట

చి.ల.సౌ. స్వాతికి, అత్తయ్య ఆశీస్సులు.

వచ్చే వారం ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అని మీ నాన్న చెప్పాడు. ధర అరవై లక్షలు. నీ పొదుపు పదిహేను, మిగతా నలభై అయిదు లోను, కిస్తీ నీ జీతంలోంచే. దస్తావేజులో మాత్రం నీదీ, మీ ఆయనదీ ఇద్దరి పేర్లూ. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసినదాన్ని, ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను. అందుకే ఈ ఉత్తరం. అల్లుడి మీద అనుమానం కాదు.

ముందుగా అడుగుతున్నాను, అతని పేరు ఎందుకు? "లోను ఇద్దరి మీదా కాబట్టి" అంటే అది సరైన కారణం కాదు. దస్తావేజులో పేరున్నవాళ్లని లోనులో కలుపుకోవాలని చాలా బ్యాంకులు పట్టుబడతాయి గానీ, లోనులో ఉన్నవాళ్ల పేరు దస్తావేజులో ఉండాలని సాధారణంగా అడగవు. అతను కో-అప్లికెంట్‌గా ఉండి, ఫ్లాట్ నీ ఒక్కదాని పేరున ఉండొచ్చు. ప్రేమతోనే పెడుతున్నావంటే సరే, పెట్టు. కానీ ఎంత వాటాకో రాయించు.

వాటాలు రాయకపోతే ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చూస్తారు. ఎవరు ఎంత డబ్బు పెట్టారో ఆ లెక్కన వాటా. ఆ లెక్క తేలకపోతే చెరిసగం అనుకుంటారు. విడిపోయాక గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. "లోను నా మీద కూడా ఉంది కదా, నలభై అయిదులో సగం నాదే" అంటాడు. "నాకు బహుమతిగానే పేరు పెట్టింది" అని కూడా అనొచ్చు. కిస్తీ ఎవరు కట్టారో చూపించాల్సింది అప్పుడు నువ్వే. నీ జీతం, అతని జీతం ఒకే జాయింట్ ఖాతాలో పడి, అందులోంచే కిస్తీ పోతే ఏ రూపాయి ఎవరిదో పదేళ్ల తర్వాత ఎవరు తేలుస్తారు? కిస్తీకి నీ ఒక్కదాని ఖాతా వాడు, స్టేట్‌మెంట్లు ఏటా దాచు. దస్తావేజులో డబ్బు చెల్లించిన వివరాలు రాసేచోట ఏ ఖాతా నుంచి వెళ్లిందో కూడా రాయమను. లేఖరి మామూలు నమూనాలో "ఇరువురూ సమాన వాటాలతో" అని ఉంటే సంతకం పెట్టకు. అది ఒప్పుకున్నట్టే అవుతుంది, తర్వాత స్టేట్‌మెంట్లు చూపించినా పెద్దగా పనిచెయ్యవు.

ఇక చావు సంగతి. చెప్పడానికి బాగోదు, కానీ లెక్క తెలియాలి. జాయింట్ పేర్లంటే ఒకరు పోతే రెండోవాళ్లకి మొత్తం వచ్చేస్తుందని అందరూ అనుకుంటారు. మన దగ్గర అలా రాదు. పోయినవాళ్ల వాటా వారసులకి వెళ్తుంది. సగం సగం అని ఉండగా, వీలునామా రాయకుండా అతను పోయాడనుకో. అతని ముప్పై లక్షలు నీకు, మీ పాపకి, మీ అత్తగారికి తలా పది. అమ్మాలంటే ఆవిడ సంతకం కావాలి. ఆవిడ తర్వాత ఆ పది ఆవిడ వారసులకి పోతుంది. అదే దస్తావేజులో 90, 10 అని రాసి ఉంటే అతని వాటా ఆరు లక్షలే, తలా రెండు.

నువ్వు వీలునామా లేకుండా పోతే నీ వాటా భర్తకి, పాపకి. విడివిడిగా ఉంటున్నా విడాకుల డిక్రీ రానంతవరకు అతను నీ వారసుడే. భర్తా పిల్లలూ లేకపోతే నీ సంపాదన భర్త వారసులకి వెళ్తుంది, మీ అమ్మానాన్నలకి కాదు. 2009లో సుప్రీంకోర్టు ఓంప్రకాశ్ కేసులో అదే తేల్చింది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు గెంటేసిన ఆవిడ, పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించుకుంది. ఆ సొమ్ము ఆ అత్తింటివైపు వాళ్లకే పోయింది. నాకు ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ చట్టం అలా ఉంది. (ఇదంతా హిందువుల లెక్క. క్రైస్తవులకి, ముస్లింలకి వేరు.) అందుకే వీలునామా రాయి. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టర్ చెయ్యడం తప్పనిసరి కాదు, నేనైతే చేయిస్తాను.

రేపు నిజంగా విడిపోవాల్సి వస్తే, విడాకుల డిక్రీ వచ్చినంత మాత్రాన దస్తావేజులో అతని పేరు పోదు. పరస్పర అంగీకారంతో అయితే ఫ్లాట్ విషయం పిటిషన్‌లోనే రాయించి, అతని చేత నీకు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవాలి. లోనులోంచి అతన్ని తప్పించడానికి బ్యాంకు నీ ఒక్కదాని జీతం చూసి ఒప్పుకోవాలి. దానికి టైం పడుతుంది, కాబట్టి పిటిషన్ మీద సంతకాలకి ముందే బ్యాంకుని అడుగు. "తర్వాత రాసిస్తాలే" అన్న మాట మీద డిక్రీ తీసుకున్నవాళ్లు తర్వాత మాజీ భర్త ఫోన్ కోసం ఎదురుచూడటం నేను చూశాను.

దస్తావేజు డ్రాఫ్టు వచ్చాక, స్టాంపు డబ్బులు కట్టకముందే నాకు వాట్సాప్‌లో పంపు. వాటాల పేరా నేను చూస్తాను.

మీ అత్త