బి.కాం. అమ్మాయికి టాలీ, ఎక్సెల్, టైపింగ్: 28 వేలు పెట్టాలా?

"మేడమ్, మాది గాజువాక. మా అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. ఇంజినీరింగ్‌లో మంచి కాలేజీ రాకపోతే ఇందులో చేర్చాం. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు టాలీ, ఎక్సెల్, టైపింగ్ కలిపి ఆరు నెలలకు 28 వేలు, పైన జీఎస్టీ అన్నారు. డేటా అనలిటిక్స్ కూడా కలిపితే 55 వేలట. ప్లేస్‌మెంట్ గ్యారంటీ, ఈఎంఐ ఉందన్నారు. 2 వేలు అడ్వాన్స్ కట్టేశాను. పిల్లేమో చిన్న కోర్సు చాలు, పార్ట్‌టైమ్ చేసుకుంటానంటోంది. మా అక్క కొడుకు ఇంజినీరింగ్‌లో ఉన్నాడు. వీళ్లిద్దరినీ చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏ కోర్సు తీసుకోమంటారు?"

అమ్మా, మిగతా డబ్బు ఇప్పుడే కట్టకండి.

మీరు కోర్సు గురించి అడిగారు గానీ, మిమ్మల్ని తొలిచేస్తున్నది అది కాదనిపిస్తోంది. బి.కాం.లో వేసి పిల్లకు అన్యాయం చేశామేమో అన్న బెంగ అది. ఆ బెంగ తీరడానికి ఖరీదైన కోర్సు కొనబోతున్నారు. ఇలాంటి తల్లిదండ్రులు నా దగ్గరికి ప్రతి ఏడాదీ వస్తారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. పార్ట్‌టైమ్ పని విషయంలో మీ అమ్మాయికి ఉన్న పెద్ద ఆస్తి ఆ బి.కామే. అదెలాగో ఒక పిల్ల సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

రెండేళ్ల కిందట కంచరపాలెం నుంచి ఒక బి.కాం. అమ్మాయి వచ్చింది. ఇంటి దగ్గరే రెండు నెలల టాలీ క్లాసుకు 6 వేలు కట్టింది. ఎక్సెల్ కాలేజీ ల్యాబ్‌లో, అన్నయ్య పాత ల్యాప్‌టాప్ మీద నేర్చుకుంది. ఆ తర్వాత ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో మధ్యాహ్నం 2 నుంచి 6 వరకు పనికి కుదిరింది. మొదటి జీతం 4,500. బస్సు ఖర్చు 700 పోతే చేతికి 3,800 మిగిలేది. అంటే కోర్సుకు పెట్టిన 6 వేలు రెండో నెల పూర్తయ్యేలోపే తిరిగొచ్చాయి.

మీకు చెప్పిన 28 వేలకు 18 శాతం జీఎస్టీ కలిపితే 33,040 అవుతుంది. అదే 3,800తో లెక్క వేస్తే ఆ డబ్బు రావడానికి దాదాపు 9 నెలలు. కోర్సు నడిచే ఆరు నెలలు దానికి ముందే పోతాయి. ఖరీదైన కోర్సు చేసిందని మొదటి జీతం ఎక్కువ ఇస్తారా అంటే, ఈ చిన్న ఆఫీసుల్లో నేనైతే చూడలేదు. వాళ్లు సర్టిఫికెట్ పక్కన పెట్టి, ఒక బిల్లుల కట్ట చేతికిచ్చి ఎంట్రీ చేయమంటారు.

ఆ అమ్మాయి జీతం ఆరు నెలల్లో 6,500 అయింది. పెరగడానికి కారణం టాలీ కాదు. టాలీలో ఎఫ్8 నొక్కి అమ్మకం, ఎఫ్9 నొక్కి కొనుగోలు ఎంట్రీ చేయడం రెండు నెలల్లో ఎవరికైనా వస్తుంది. జీతం పెంచింది ఎక్సెల్‌లో ఆమె ఒంటిచేత్తో చేసిన ఒక పని. ఆ పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు ఏ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినా అడగాల్సింది దీని గురించే.

ఒక షాపు సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, తర్వాత తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది. అయితే సరుకు అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి. అలా చూపించిన బిల్లుల జాబితా ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి పేరుతో వస్తుంది. అందులో లేని బిల్లు మీద పన్ను తగ్గించుకోవడానికి 2022 జనవరి నుంచి వీల్లేదు. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బి, దాని గడువు 20వ తేదీ. అంటే 14 నుంచి 20 లోపు ప్రతి షాపు కొనుగోలు బిల్లులనూ 2బితో పోల్చాలి. ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులు కాలేజీ పిల్లల్ని పార్ట్‌టైమ్‌కు పెట్టుకునేది ముఖ్యంగా ఈ ఒత్తిడి కోసమే.

ఆ అమ్మాయికి ఆటోనగర్‌లోని ఒక హార్డ్‌వేర్ షాపు ఫైలు ఇచ్చారు. షాపు కుర్రాడు ఎక్సెల్‌లో కొట్టి పంపిన 140 బిల్లులు ఒక షీటులో, పోర్టల్ నుంచి దించిన జాబితా 2B అని పేరు పెట్టిన ఇంకో షీటులో పెట్టుకుంది. రెండిట్లోనూ మొదటి కాలమ్ అమ్మినవాడి జీఎస్టీ నంబరు, రెండోది బిల్లు నంబరు. పక్కన ఈ ఫార్ములా వేసింది:

```
=COUNTIFS('2B'!A:A,A2,'2B'!B:B,B2)
```

1 వస్తే బిల్లు అక్కడా ఉన్నట్టు, 0 వస్తే లేనట్టు. తొమ్మిదింటికి 0 వచ్చింది. కొత్తవాళ్లయితే ఇక్కడే "తొమ్మిది బిల్లులు లేవు సార్" అని చెప్పేస్తారు, ఓనరు సప్లయర్లకు ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటాడు. ఆమె ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ఐదింట్లో తప్పు షాపువాళ్లదే. బిల్లు మీద VSP/0452 అని ఉంటే కుర్రాడు VSP/452 అని కొట్టాడు. ఇంకో రెండు బిల్లుల నంబర్లు 12/5 లాంటివి. ఎక్సెల్ వాటిని తేదీలనుకుని 12-May అని మార్చేసింది. కొట్టే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి ఉంటే ఆ ఇబ్బంది వచ్చేది కాదు. చివరికి నిజంగా రానివి రెండే.

ఆ రెండిట్లో ఒకటి హైదరాబాద్ సప్లయర్‌ది. 12 వేల సరుకు, 2,160 పన్ను. షాపు కుర్రాడు దాన్ని కేంద్రం వాటా సీజీఎస్టీ 1,080, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 1,080 అని విడగొట్టాడు. అమ్మాయి జీఎస్టీ నంబరు వైపు చూసింది. మొదటి రెండు అంకెలు 36, అంటే తెలంగాణ. మన ఆంధ్రప్రదేశ్‌ది 37. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన సరుకు కాబట్టి 2,160 మొత్తం రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ కింద ఉండాలి. ఈ తప్పును ఏ ఫార్ములా పట్టివ్వలేదు, క్లాసులో చదివిన పాఠం పట్టించింది. అమ్మా, మీరు చిన్నచూపు చూస్తున్న బి.కాం.లోని పాఠమే అది.

టైపింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. దానికోసం విడిగా ఫీజు కట్టాలంటే కారణం ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాల మీద గురి ఉంటే సాంకేతిక విద్యా మండలి పెట్టే లోయర్, హయ్యర్ పరీక్షలు రాయొచ్చు. ఇంగ్లిష్‌లో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాల వేగం కావాలి. తెలుగు టైపింగ్ బాగా వస్తే కోర్టు దగ్గరి డీటీపీ షాపుల్లో పని దొరుకుతుంది. అకౌంట్స్ పనికి మాత్రం కీబోర్డు కుడివైపున ఉండే అంకెల కీలను చూడకుండా నొక్కడం వస్తే చాలు. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, మధ్యవేలు అక్కడ పెట్టి రోజుకు పావుగంట చొప్పున నెల రోజులు పాత బిల్లులు కొడితే వస్తుంది. ఇంటి నుంచే టైపింగ్ పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాళ్ల జోలికి మాత్రం అస్సలు పోనివ్వకండి. పని అయ్యాక తప్పులున్నాయని, అగ్రిమెంటు ప్రకారం జరిమానా కట్టాలని బెదిరించే ముఠాలవి.

ఇక డేటా అనలిటిక్స్. ఇప్పుడు అందరి నోటా ఇదే మాట, అందుకే నాకు కొంచెం భయం. ఆ రంగంలో ఉద్యోగాలు లేవని నేననడం లేదు. డిగ్రీ రెండో ఏడాది పిల్లకు రోజుకు నాలుగు గంటల పనిగా అది దొరుకుతుందా అన్నదే నా సందేహం. ఒక కంపెనీ తన అమ్మకాల డేటా మొత్తాన్ని సాయంత్రం వచ్చి వెళ్లే విద్యార్థి చేతిలో ఎందుకు పెడుతుంది? కొన్ని బ్యాచ్‌లలో పిల్లలు చేసిన ప్రాజెక్టులు చూశాను. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ఒకే ఫైలుతో ముప్పై మందీ ఒకే రంగుల గ్రాఫులు గీశారు. ఆ డేటాలో ఒకే బిల్లు రెండుసార్లు పడితే ఏం చేస్తావంటే జవాబు లేదు. గ్రాఫు గీయడానికి ముందు చేయాల్సిన శుభ్రత పనే అసలు పని. ఆ శుభ్రత ట్యాక్స్ ఆఫీసులో బిల్లు నంబర్లు సరిచేస్తూనే వస్తుంది. ఆ తర్వాత కూడా ఆసక్తి ఉంటే ఆ గ్రాఫులు గీసే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితంగానే దించుకోవచ్చు. 27 వేలు అదనంగా పెట్టాలా వద్దా అన్నది అప్పుడు తనే తేల్చుకుంటుంది.

ఈ మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు. చదవబోయే పిల్లను ఒక్క మాట అడక్కుండా అడ్వాన్స్ ఎలా కట్టారమ్మా? "చిన్న కోర్సు చాలు" అన్న మీ అమ్మాయి మీకంటే సరిగ్గా లెక్క వేసింది. అక్క కొడుకుతో పోల్చడం ఈ రోజుతో ఆపేయండి. ఆ పోలిక పిల్ల చెవిన పడుతూనే ఉంటుంది. తన చదువు మీద తనకే నమ్మకం పోతే ఏ కోర్సూ ఆ నమ్మకాన్ని తిరిగి తేలేదు. ఇక ఈఎంఐ సంగతి. చాలాచోట్ల అది ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే వాయిదా కాదు, మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పిల్ల మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. గ్యారంటీ అంటున్నారు కదా, ఏ పని, ఎంత జీతం, ఇప్పించకపోతే ఫీజు వెనక్కిస్తారా అన్నది కాగితం మీద రాసిమ్మనండి. రాయలేమంటే ఆ 2 వేలు తిరిగి అడగండి. ఇవ్వకపోయినా పోనివ్వండి, దానికోసం ఇంకో 31 వేలు కట్టవద్దు.

గాజువాకలోనే టాలీ మాత్రమే నేర్పే చోట్లు రెండు మూడు చూడండి. ఒక రోజు డెమో క్లాసులో అమ్మాయినే కూర్చోబెట్టండి. "2బితో పోల్చడం నేర్పుతారా, వెనక్కి పంపిన సరుకు ఎంట్రీ చేయిస్తారా, బ్యాంకు స్టేట్‌మెంటుతో ఖాతా సరిచూడటం చూపిస్తారా" అని తననే అడగమనండి. మూడిటికీ అవునంటే, ఫీజు 6, 7 వేల లోపు ఉంటే చేర్చండి. ఇంట్లో సాధనకు టాలీ వాళ్ల ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితమే. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయి గానీ నేర్చుకోవడానికి అది సరిపోతుంది.

చీకటి పడ్డాక ద్వారకానగర్ నుంచి ఒంటరిగా రావాలన్న భయం కూడా మీకు ఉండే ఉంటుంది. పని కోసం అంత దూరం పోనక్కర్లేదు. గాజువాక, ఆటోనగర్ చుట్టుపక్కలే ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులున్నాయి. కోర్సు అయ్యాక అమ్మాయి స్వయంగా వెళ్లి అడగాలి, మీరు వెంట వెళ్తే బయటే ఉండండి. 10 నుంచి 20వ తేదీ మధ్య మాత్రం వెళ్లొద్దు, ఆ రోజుల్లో అక్కడ తలెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. 23, 24 తేదీల్లో మధ్యాహ్నం పూట వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు, బహుశా ఒక బిల్లుల కట్ట కూడా చేతికిస్తారు.