ఇందాక అరవై అన్నాను కదూ, అది కాదు

"ఫోన్ కాల్స్ విని సమ్మరీ రాసే పని నాది. మాట్లాడేవాళ్లు మొదట ఒకటి చెప్తారు, పది నిమిషాలయ్యాక ఇంకోటి చెప్తారు. చివర్లో చెప్పిందే ఫైనల్ అని మా సారు రూలు. అలాగే రాసి రెండుసార్లు తిట్లు తిన్నాను. ముందు మాట ఎప్పుడు కొట్టేయాలి, ఎప్పుడు ఉంచాలి?"

మీ సారు రూలు చాలా కాల్స్‌కి సరిపోతుందండీ. సరిపోని కాల్స్‌లోనే దెబ్బ తగులుతుంది. నేను భీమవరం వైపు రొయ్యల కొనుగోలు ఆఫీసులో ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. రైతు ఫోన్ చేసి చెప్పిన వివరాలతో నేను సమ్మరీ రాస్తే, దాన్ని చూసే వేన్, ఐసు, చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి మనుషులు కదులుతారు. రికార్డింగ్ మళ్లీ ఎవరూ వినరు. ఒక్క కాల్ గురించి వివరంగా చెప్తాను. నాకు తిట్లు పడిన కాలే అది.

ఉప్పుటేరు వైపు ఒక పెద్దాయన. రెండు చెరువులు, రెండిట్లోనూ వనామీ రొయ్యలే. కౌంటంటే కిలోకి తూగే రొయ్యల లెక్క. కాల్ 14 నిమిషాలు. రెండో నిమిషంలో ఆయన అన్నది: "రెండో చెరువు అరవై కౌంటు పడిందమ్మాయ్. బతికినవి తొంభై వేలుంటాయి, టన్నున్నర వస్తది. గురువారం రాత్రి పట్టేద్దాం." తర్వాత రేటు దగ్గర బేరం, కరెంటు కోతలు, ఏరేటర్లకి డీజిలు ఖర్చు, ఇలా కబుర్లు నడిచాయి. పదకొండో నిమిషంలో: "ఆగాగు. ఇందాక అరవై అన్నాను కదూ, అది మొదటి చెరువుది. రెండోది నిన్న వల వేస్తే డెబ్బై వచ్చింది." ఫోన్ పెట్టేసే ముందు: "శుక్రవారం తెల్లారుజామున మూడింటికల్లా వేన్ గట్టు మీదుండాలి."

నేను రాసింది: రెండో చెరువు, 70 కౌంటు, టన్నున్నర, శుక్రవారం 3 గంటలకి వేన్. చివరి మాటే ఫైనల్ అన్న రూలు ప్రకారం ఇందులో ఒక్క తప్పు కూడా లేదు చూడండి. శుక్రవారం తెల్లారుజామున మూడున్నరకి ఆయన ఫోన్ చేశారు. వేన్ పంపే కుర్రాడు మధ్యాహ్నం మూడు అనుకుని పడుకున్నాడు. వేన్ చేరేసరికి ఎండెక్కింది. సరుకు 1,270 కిలోలు తూగింది. టన్నున్నరకని తీసుకెళ్లిన ఐసులో కొంత అక్కడే కరిగిపోయింది.

ఆ కాల్‌లో చూసుకోవాల్సినవి మూడు: కౌంటు, రోజు, టన్నున్నర. నిజంగా దిద్దుకున్నది ఒక్కటే.

కౌంటు నిజమైన దిద్దుబాటు. ఎలా తెలుస్తుందంటే, ముందు చెప్పిన మాట మీద ఆయనే వేలు పెట్టి చూపించారు. "ఇందాక అరవై అన్నాను కదూ" అన్నారు. ఎందుకు తప్పిందో చెప్పారు, కొత్త అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పారు. చెప్పిన మనిషే, అదే విషయం గురించి, తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు. ఈ మూడూ కుదిరితే ముందు మాట నిస్సందేహంగా కొట్టేయొచ్చు. అయితే ఇక్కడ అరవై అబద్ధం కాలేదు, పక్క చెరువుకి వెళ్లింది. మొదటి చెరువు 60 కౌంటు అన్న సంగతి కూడా ఆ మాటలోంచే వచ్చింది. దిద్దుబాటు వినగానే పాత అంకెని పూర్తిగా తుడిచేసే అలవాటు నాకుండేది, ఇప్పుడు అది ఎటు వెళ్లిందో చూసుకుంటాను.

రోజు మాత్రం మారనే లేదు. గురువారం రాత్రి పట్టడం మొదలుపెడితే సరుకు గట్టుకి చేరేది శుక్రవారం తెల్లారుజామునే. రెండు మాటలూ ఒక్క రాత్రి గురించే. ముందు మాట కొట్టేసి రెండోది పెట్టడంతో "రాత్రి పట్టుబడి" అన్న ఆనవాలు పోయింది, "తెల్లారుజామున" అన్నది నేను ఎగరగొట్టాను, ఇంక మిగిలింది ఉత్త మూడు గంటలు. రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని అనిపించినప్పుడు, రెండూ ఒకేసారి నిజమయ్యే వీలుందా అని ముందు చూడండి. ఉంటే రెండూ ఉంచాలి.

అసలు గుంట టన్నున్నర దగ్గరుంది. దాని గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు. దిద్దలేదు కాబట్టి అలాగే ఉందని రాసేశాను. కానీ ఆ టన్నున్నర ఎక్కణ్ణుంచి వచ్చింది? కౌంటంటే కిలోకి తూగే రొయ్యల లెక్క. తొంభై వేల రొయ్యలు, కిలోకి అరవై చొప్పున 1,500 కిలోలు. అంటే అది అరవై మీద నిలబడ్డ అంకె. కౌంటు డెబ్బై అయితే అవే తొంభై వేలకి 1,285 కిలోలే వస్తాయి. నోటితో దిద్దింది ఒక అంకె అయినా, దానికింద ఇంకోటి కూలిపోయింది. ఆయన గమనించలేదు, నేనూ గమనించలేదు. అందుకే ఏ అంకె దిద్దినా, దాని మీద ఆధారపడి ముందు ఏం చెప్పారో వెనక్కి వెళ్లి చూస్తాను. అదే ఆయన టన్నున్నరని మేత లెక్క మీద అంచనా కట్టి చెప్పుంటే, కౌంటు మారినా ఆ అంకె నిలబడేది. దిద్దుబాటు దాని దాకా పోదు.

అలాంటప్పుడు 1,285 అని మనమే రాసేయొచ్చా? రాయకూడదనే నా పట్టు. ఆ మాట రైతు అనలేదు. కాల్ నడుస్తుంటే అడగాలి: "డెబ్బై అంటే టన్నుంబావు దాకా వస్తుందాండీ?" అని. ఫోన్ పెట్టేశాక తట్టిందనుకోండి, ఆయన అన్నది అన్నట్టే రాసి, అది పాత కౌంటు లెక్కన చెప్పిందని పక్కన పెట్టాలి. లెక్క వేసుకునేవాళ్లు వేసుకుంటారు, లేకపోతే ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఇక దిద్దుబాటులా వినిపించి దిద్దుబాటు కానివి. మనవాళ్లు "అది కాదండీ" అని మాట మొదలుపెడతారు, దేన్నీ కాదనరు. "అది కాదండీ, డబ్బులు ఎప్పుడేస్తారు?" అంటారు. ఆ 'కాదు'కి ముందు మాటని పట్టుకునే పనే లేదు. "ఆగాగు", "ఇందాక అన్నాను చూడు", "తప్పు చెప్పా", "కాదు కాదు, డెబ్బై" అన్న వాటికి చెవి నిక్కించాలి. రికార్డింగ్‌లో వేగంగా వెతికేటప్పుడు కూడా నేను 'కాదు' కోసం కాదు, 'ఇందాక' కోసం వింటాను.

ఇంకోటి మన వైపు 'ఆయ్'. బయటి నుంచి వచ్చి చేరిన కుర్రాడొకడు దీని దగ్గరే బోల్తా పడ్డాడు. కాల్‌లో తండ్రితోపాటు కొడుకు కూడా ఉన్నాడు. తండ్రి డెబ్బై అన్నాడు. కొడుకు మధ్యలో దూరి "అరవై ఐదు రాయండి" అన్నాడు. మావాడు "అరవై ఐదు రాసుకుంటున్నానండీ" అంటే తండ్రి "ఆయ్" అన్నాడు. ఒప్పుకున్నాడనుకుని అరవై ఐదు రాసేశాడు. కోనసీమ నుంచి ఇటు దాకా 'ఆయ్' అంటే అవును కావచ్చు, వింటున్నానండీ అన్న మర్యాదా కావచ్చు. అంతకుముందు రేటు చెప్పినప్పుడూ "ఆయ్" అన్నాడు, ఆ రేటుకి మాత్రం ఒప్పుకోలేదు! వేరే మనిషి చేసిన దిద్దుబాటు, అసలు చెప్పినవాడు తన నోటితో ఆ అంకె అనేదాకా దిద్దుబాటు కాదు, ఇంకో అభిప్రాయం. అప్పుడు ఇద్దరి మాటా పేరు పెట్టి రాయాలి: తండ్రి 70, కొడుకు 65. ఒక్క మినహాయింపు ఉంది. వల వేసి చూసింది కొడుకే అని తండ్రి చెప్తే, ఆ విషయం వరకు కొడుకు మాటే ముందు. కళ్లారా చూసినవాడి మాటకి ఉన్న బరువు, వయసుకీ చెరువు ఎవరి పేరు మీదుందన్న దానికీ ఉండదు.

నసుగుతూ చేసిన దిద్దుబాటు సంగతి కూడా ఇంతే. మొదట "నిన్న వల వేశాం, డెబ్బై" అని ఖచ్చితంగా అని, తర్వాత "ఏమో, డెబ్బై ఐదేమోలే" అంటే డెబ్బై పోదు. డెబ్బై ఉంచి, 75 అనుమానం అని పక్కన రాస్తాను. బేరంలో మారేవి మాత్రం దిద్దుబాట్లే కావు. మొదట రూపాయి తగ్గినా ఇవ్వనని చివర్లో సరేలెమ్మంటే ఆయన తప్పు చెప్పినట్టు కాదు, ఒప్పుకున్నట్టు. చివరి రేటు రాస్తే చాలు.

పాత మాట సమ్మరీలో కనిపించాలా వద్దా అంటారా? నా కొలత ఒకటే. ఆ పాత మాట విని ఎవరైనా అప్పటికే కదిలారా? నేను మధ్యలో హోల్డ్‌లో పెట్టి ఐసు ఫ్యాక్టరీకి చెప్పేసి ఉంటే, "మొదట 60 అన్నారు, 11వ నిమిషంలో 70 అని దిద్దారు" అని రాయాలి, ఎందుకంటే అరవై ఇంకా బయట ఎవరి చెవిలోనో ఉంది. ఎవరికీ చేరకపోతే ఆ నోటి జారుపాటు సమ్మరీలో అక్కర్లేదు. చదివేవాడికి రెండు అంకెలు కనిపిస్తే, తొందరలో మొదటి దాన్నే పట్టుకుపోతాడు.

ఆ కాల్‌ని ఇప్పుడు రాస్తే ఇలా రాస్తాను:

> రెండో చెరువు పట్టుబడి: గురువారం రాత్రి. వేన్ శుక్రవారం తెల్లారుజామున 3 లోపు గట్టు మీదుండాలి.
> కౌంటు 70 (నిన్నటి వల). మొదటి చెరువు 60, దాని పట్టుబడి గురించి ఏం చెప్పలేదు.
> సరుకు: టన్నున్నర అన్నారు, కానీ 60 కౌంటు మీద, 90 వేల లెక్కన. 70 అన్నాక మళ్లీ చెప్పలేదు. ఐసు చెప్పే ముందు అడగాలి.

ఆఖరి లైను చూసి మా మేనేజర్ గారు "ఇది సమ్మరీయా, నాకు హోంవర్కా?" అన్నారు. అంటూనే ఫోన్ తీశారు.