ఉత్త ‘హాయ్’కి ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. చాట్ సపోర్ట్ ఉద్యోగానికి టెస్ట్ రాసింది. అందులో కస్టమర్ ‘హాయ్’ అని మాత్రమే పెట్టాడట. ‘మా యాప్‌లో మీకు ఏ సమస్య వచ్చింది?’ అని ఇంగ్లిష్‌లో జవాబిచ్చిందట. సెలెక్ట్ కాలేదు. హాయ్‌కే జవాబు చెప్పలేనిది ఈ లైన్‌లో ఏం నిలబడుతుంది? డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఏది మంచిది సార్? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు పేర్లు మారుతుంటాయి గానీ, నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల వెనక ఉండే టెన్షన్ ఒకటే: పిల్లకు ఇంగ్లిష్ చాలదేమో అని. ఆమె రాసిన వాక్యంలో ఇంగ్లిష్‌కి ఏ లోటూ లేదు. ‘యాప్’ అన్న ఒక్క మాట దగ్గరే తేడా వచ్చింది. కస్టమర్ ఆ మాట అనలేదు కదా. అందుకే పోయిందని నేను ఖాయంగా చెప్పలేను, కానీ మార్కులు తగ్గే చోటు మాత్రం అదే.

చాలా కంపెనీల్లో వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, వెబ్‌సైట్‌లోని చాట్ బాక్స్, యాప్ లోపలి చాట్ అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లోకి వచ్చి పడతాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనుండే చిన్న గుర్తును బట్టి తెలుస్తుంది. టెస్ట్‌లో ఆ గుర్తు ఉండదు, మెసేజ్ ఒక్కటే ఉంటుంది. మామూలు మెసేజ్‌లోనైతే ఏదో ఆనవాలు దొరుకుతుంది. ‘మీ స్టోరీ చూశాను’ అంటే ఇన్‌స్టాగ్రామ్ కావచ్చు. ‘అప్‌డేట్ చేశాక ఓపెన్ కావట్లేదు’ అంటే యాప్ కావచ్చు. ఉత్త హాయ్‌లో అలాంటిదేమీ ఉండదు.

అక్షరం చూసి పట్టేస్తాం అనేవాళ్లూ ఉన్నారు. ఫోన్ కీబోర్డు `Hi` అని మొదటి అక్షరం తనే పెద్దది చేస్తుంది, `hi` అని ఉంటే కంప్యూటర్ అని వాళ్ల లెక్క. ఫోన్‌లో ఆ సెట్టింగ్ తీసేసుకునేవాళ్లు, కంప్యూటర్‌లో షిఫ్ట్ నొక్కి రాసేవాళ్లు బోలెడుమంది. ఇంకొందరు హాయ్ అంటే వాట్సాపే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’కైనా, కొన్ని బ్యాంకుల వాట్సాప్ నంబర్లకైనా హాయ్ అని పంపితే సేవ మొదలవుతుంది మరి. జనం ఆ అలవాటునే వెబ్‌సైట్‌కీ, యాప్‌కీ తీసుకెళ్తున్నారు. కాబట్టి దాన్ని నమ్ముకోలేం.

అలాంటప్పుడు ఇవ్వాల్సిన జవాబు చిన్నది: ‘హాయ్, థాంక్స్ ఫర్ రీచింగ్ అవుట్. హౌ కెన్ ఐ హెల్ప్ యూ?’ అంతే. ఇందులో లేనివి గమనించమనండి. గుడ్ మార్నింగ్ లేదు, అవతలివాళ్లు అమెరికాలో ఉంటే అక్కడ రాత్రి కావచ్చు. సార్, మేడమ్ లేవు. ‘కింద బటన్ నొక్కండి’ లేదు, వాళ్ల స్క్రీన్ మీద బటన్ ఉందో లేదో మనకు తెలియదు. మాటకు అటూ ఇటూ `*` పెడితే వాట్సాప్‌లో అక్షరాలు లావుగా కనిపిస్తాయి, చాలా చోట్ల ఆ గుర్తులే మిగిలిపోతాయి. అందుకని అదీ వద్దు.

తర్వాత కస్టమర్ ‘డబ్బు కట్ అయింది, ఆర్డర్ కనిపించట్లేదు’ అన్నాడనుకోండి. అడగాల్సిన సమయం అప్పుడు వచ్చింది: ‘ఆర్డర్ యాప్‌లో పెట్టారా, వెబ్‌సైట్‌లోనా?’ మీ అమ్మాయి అడిగింది ఇంచుమించు ఇదే, ఒక మెసేజ్ ముందు అడిగింది. ఇంటి దగ్గర స్నేహితురాలిని కస్టమర్‌గా కూర్చోబెట్టుకుని, ఎదుటివాళ్లు చెప్పని మాట తన జవాబులో ఒక్కటైనా ఉందా అని చూసుకుంటే ఈ అలవాటు పోతుంది.

ఇక డిజిటల్ మార్కెటింగ్. ఆ రంగం మీద నాకు చిన్నచూపు లేదు, కోర్సుల మీదే అనుమానం. మూడు నెలల్లో సర్టిఫికెట్, ప్లేస్‌మెంట్ గ్యారెంటీ అనే బోర్డు చూసి ఫీజు కట్టకండి. కిందటి బ్యాచ్‌లో ఎవరు ఎక్కడ చేరారో వాళ్ల నోటితోనే వినాలని అడగండి, అప్పుడు గొంతు మారుతుంది. గూగుల్ యాడ్స్ సర్టిఫికేషన్ గూగుల్ వాళ్ల స్కిల్‌షాప్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నెల రోజులు అది చేసి చూస్తే ఆమెకు అసలు ఇష్టముందో లేదో తెలుస్తుంది. ఇంకో సంగతి, చిన్న ఏజెన్సీల్లో కొత్తగా చేరినవాళ్లకు ముందు అప్పజెప్పేది తరచుగా క్లయింట్ పేజీకి వచ్చే మెసేజ్‌లకు జవాబులే. అక్కడా ఈ హాయ్‌లే వస్తాయి.

మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. ఉత్తరం మొత్తంలో అమ్మాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఒక టెస్ట్ పోతే లైన్ మార్చేస్తారా? ‘హాయ్‌కే జవాబు చెప్పలేనిది’ అన్న మాట ఆమె ముందు అన్నారా? అని ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గరే వెనక్కి తీసుకోండి. ఆమె చేత అదే కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించండి, మళ్లీ ఎన్ని నెలలకు అప్లై చేయొచ్చో, నైట్ షిఫ్ట్‌లు ఉంటాయో లేదో, ఒకేసారి ఎన్ని చాట్‌లు చూడాలో అడగమనండి. ఆ మూడు జవాబులు చూసి వెళ్లాలో వద్దో ఆమె చెబుతుంది.