సింగపూర్ డాలర్లు ఊళ్ళోనే తీసుకోండి

"ఐదు రోజులకి సింగపూర్ వెళ్తున్నాం. ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చుకుంటే సరిపోతుందా?"

అక్కడిదాకా ఆగకండి అండీ. లోపలికి వెళ్ళాక మీకు బేరమాడే వీలుండదు, వాళ్ళకేమో కౌంటరు అద్దె ఎక్కువ. ఆ భారమంతా రేటులో కలిపేస్తారు. "కమిషన్ లేదు" అన్న బోర్డు ఉన్నా అంతే. డాలరు ఊళ్ళో 71 రూపాయలు, అక్కడ 77 అనుకోండి. 300 డాలర్లకి 1,800 రూపాయలు ఎక్కువ కట్టినట్టే.

మాది అమలాపురం. నేనైతే రెండు రోజుల ముందే రాజమండ్రిలోనో కాకినాడలోనో ఆర్‌బీఐ లైసెన్సున్న మనీ ఛేంజర్‌కి ఫోన్ చేస్తాను. రేటు అడగను, "300 డాలర్లకి జీఎస్టీతో కలిపి మొత్తం ఎంత?" అని అడుగుతాను. అప్పుడే అసలు తేడా తెలుస్తుంది. పాస్‌పోర్టు, పాన్, టికెట్ పట్టుకెళ్ళండి. పది డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి, హాకర్ సెంటర్లో తిండికి అవే పనికొస్తాయి. హోటల్‌కి కార్డు చాలు, కాకపోతే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ముందే ఆన్ చేసుకోండి.