గుయ్‌మనే టర్న్‌టేబుల్, మిగిలిపోయిన ఆకుపచ్చ వైరు

"నాన్నగారి పాత టర్న్‌టేబుల్ బాగు చేయించి హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్‌కి కలిపా. ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను పెట్టాక ఇంకో సన్న ఆకుపచ్చ వైరు మిగిలింది, ఎక్కడ పెట్టాలో తెలీక వదిలేశా. పాట సన్నగా, గుయ్‌మనే సౌండ్ గట్టిగా వస్తోంది. ఇంట్లో 5 మీటర్ల సబ్‌వూఫర్ కేబుళ్లు రెండున్నాయి, అవి మారిస్తే పోతుందా సార్?"
– సత్యనారాయణపురం, విజయవాడ

కేబుల్ మారిస్తే పోదండీ, నా అనుమానమంతా ఆ వదిలేసిన వైరు మీదే. వాల్యూమ్ కొంచెమే పెట్టి, రికార్డు తిప్పకుండా టోన్ ఆర్మ్ మెటల్ మీద వేలు పెట్టి చూడండి, గుయ్ సౌండ్ పెరిగినా తగ్గినా ఎర్త్ అందట్లేదనే అర్థం. సూది దగ్గర పుట్టే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులే, సీడీ ప్లేయర్ ఇచ్చేది దాదాపు 2 వోల్టులు, అంటే 400 రెట్ల తేడా, అంత చిన్నదాన్ని పెంచేటప్పుడు చుట్టూ ఉన్న కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ మోత కూడా దాంతోపాటే పెరిగిపోతుంది.

ఇక పాట సన్నగా ఉందంటే మీరు పిన్నులు ఆక్స్‌లో పెట్టి ఉంటారు. ఈ కాలం హోమ్ థియేటర్లలో చాలావాటికి టర్న్‌టేబుల్ కోసం పెట్టే ఫోనో ఇన్‌పుట్ ఉండదు. ఫోనో ప్రీఆంప్ అనే చిన్న డబ్బా కొనాలి, రికార్డులో కావాలనే తగ్గించిన బేస్‌ని తిరిగి పెంచేది అదే. ఎర్ర పిన్ను కుడికి, తెల్లది ఎడమకి, ఆ ప్రీఆంప్ వెనకాల చిన్న స్క్రూ ఉంటుంది చూడండి, అన్నీ ఆఫ్ చేసి దాన్ని వదులు చేసి ఆకుపచ్చ వైరు చివరి ఫోర్క్ కింద దూర్చి బిగించండి. ఫోర్క్ ఊడిపోయి ఉంటే ఒక సెంటీమీటరు తొడుగు తీసి రాగి పోగులు మెలిపెట్టి చుట్టినా చాలు.

ఒక్కటి మాత్రం చేయకండి, గోడ సాకెట్ ఎర్త్‌లో పెట్టొద్దు. నేనొకసారి తెలివి ఎక్కువై మూడో రంధ్రంలో దోపా, మోత తగ్గకపోగా ఇంకా పెరిగింది, పైగా అదృష్టం బాగుండి షాక్ కొట్టలేదు.

మీ సబ్‌వూఫర్ కేబుళ్లు పారేయకండి, ఉపయోగం ఉంది. పిన్ను అదే, లోపల వైరూ అలాంటిదే, కాకపోతే ఒక్కో దాంట్లో ఒక్క చానలే, మీకు రెండున్నాయి కాబట్టి సరిపోయింది. కానీ టర్న్‌టేబుల్‌కి నేరుగా పెట్టకండి, మామూలు కేబుల్‌లో మీటరుకి 100 పికోఫారాడ్ల కెపాసిటెన్స్ ఉంటుందనుకుంటే 5 మీటర్లకి 500 అవుతుంది, సూది ఉండే మాగ్నెట్ కార్ట్రిజ్‌లు చాలావరకు అంత తట్టుకోవు, పై స్వరాలు గీరినట్టో మూసుకుపోయినట్టో మారిపోతాయి. ప్రీఆంప్‌ని టర్న్‌టేబుల్ పక్కనే పెట్టి పొట్టి వైరుతో కలపండి, అక్కణ్నుంచి ఆంప్లిఫయర్ ఆక్స్ దాకా మీ 5 మీటర్ల జత వేసుకోండి, అప్పటికి సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి ఆ పొడుగు లెక్కలోకి రాదు. అప్పటికీ ఒక్క వైపే గుయ్‌మంటే ఆ వైపు పిన్ను వదులైందేమో తిప్పి చూడండి.