సగంలో స్వరం మారిన లేఖకు ఎంత బ్యాండ్ వస్తుంది?

"సార్, కెనడా పీఆర్ కోసం ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్‌కు చదువుతున్నాను. రైటింగ్‌లో 7 కావాలి. అద్దె ఫ్లాట్‌లో హీటింగ్ పనిచేయడం లేదని ఏజెన్సీ మేనేజర్‌కు రాసే లెటర్ ప్రాక్టీస్ చేసి ఇద్దరికి చూపించాను. ఒకరు 7 వస్తుందన్నారు, ఇంకొకరు మధ్యలో టోన్ పాడైందని 5 వేశారు. ప్రశ్నలో రాయమని ఇచ్చిన మూడు బుల్లెట్ పాయింట్లూ రాశాను కదా. లెటర్ జతచేస్తున్నాను. ఎవరి మాట నమ్మాలి?" — ఒక ఉద్యోగిని, ఖమ్మం

వారిద్దరూ మీ లేఖలో వేర్వేరు చోట్ల చూపు నిలిపారని నాకు అనిపిస్తోంది. 7 అన్నవారు మొదటి రెండు పేరాలనూ, తప్పులు పెద్దగా లేని మీ వ్యాకరణాన్నీ చూసి ఉంటారు. 5 వేసినవారు మూడో పేరా దగ్గరే మనసు మార్చుకుని ఉంటారు. నేను అధికారిక ఎగ్జామినర్‌ను కాను గానీ, ఏ బ్యాండుకు లేఖ ఎలా ఉండాలో చెప్పే, అందరికీ అందుబాటులో ఉన్న బ్యాండ్ డిస్క్రిప్టర్లతో పోల్చి చూస్తే టాస్క్ అచీవ్‌మెంట్‌లో ఈ లేఖకు 5 వస్తుందనే అనుకుంటున్నాను. అయితే అందుకు రెండో గురువుగారు చెప్పిన కారణం సగమే సరైనది. టోన్ జారడం ఒక్కటే అయితే మీరు 6 దగ్గర ఆగేవారు. అక్కడి నుంచి కిందికి లాగింది చివరి బుల్లెట్ పాయింటు.

టాస్క్ 1 లేఖకు నాలుగు ప్రమాణాల మీద మార్కులు వేస్తారు. టాస్క్ అచీవ్‌మెంట్, కోహెరెన్స్ అండ్ కోహెషన్, లెక్సికల్ రిసోర్స్, గ్రామర్ అనే ఈ నాలుగింటికీ సమానమైన విలువ ఉంటుంది. మీ లేఖలో తేలాల్సిన మూడు విషయాలూ, అంటే ప్రయోజనం, టోన్, బుల్లెట్ పాయింట్లు, ప్రధానంగా మొదటి ప్రమాణంలోకే వస్తాయి. అందులో 7 రావాలంటే బుల్లెట్లన్నీ స్పష్టంగా కనిపించాలి, లేఖ ఎందుకు రాశారో తేటగా తెలియాలి, టోన్ మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా, సందర్భానికి తగినట్లుగా ఉండాలి. లోపాలుంటే అతి స్వల్పంగానే ఉండాలి. 6లో టోన్‌కు సంబంధించిన చిన్నపాటి హెచ్చుతగ్గులను సహిస్తారు, ప్రయోజనం మొత్తం మీద స్పష్టంగా ఉంటే సరిపోతుంది. 5కు వచ్చేసరికి బుల్లెట్లన్నీ ప్రస్తావనకు వచ్చినా ఒకటో రెండో తగినంతగా విస్తరించి ఉండవు, టోన్ మారుతూ కొన్నిచోట్ల అనుచితంగా వినిపిస్తుంది, ప్రయోజనం అక్కడక్కడ మసకబారుతుంది. ఎగ్జామినరు ఒక్కో తప్పుకు ఇంతని కోసుకుంటూ పోరని, మొత్తం లేఖ ఏ బ్యాండు వర్ణనకు దగ్గరగా ఉందో చూస్తారని గుర్తుంచుకుంటే ఇక్కడి నుంచి నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

ఇప్పుడు మీ లేఖకు వద్దాం. "డియర్ సర్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టి, మీ భవనంలోని హీటింగ్ వ్యవస్థ గురించి ఫిర్యాదు చేయడానికి రాస్తున్నానని మొదటి వాక్యంలోనే చెప్పారు. ప్రయోజనం అక్కడే తెలిసిపోయింది. రెండో పేరాలో హీటరు ఎప్పటి నుంచి పనిచేయడం లేదో, ఏ గదుల్లో సమస్య ఉందో, మీరు స్వయంగా ఏమేం పరీక్షించి చూశారో వరుసగా రాశారు. మొదటి బుల్లెట్‌కు ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు. ఇక్కడి వరకు చదివినవారెవరైనా 7 అనే అంటారు.

మూడో పేరా ఇలా మొదలైంది: "ఇట్స్ రియల్లీ క్రేజీ, యు నో, మై కిడ్స్ ఆర్ ఫ్రీజింగ్ ఎవ్రీ నైట్ అండ్ యు గైస్ డోంట్ ఈవెన్ పిక్ అప్ ద ఫోన్!" తెలుగులో ఒక అధికారికి "మీరు" అంటూ అర్జీ రాస్తూ సగంలో "నువ్వు"లోకి దిగితే చదివే వ్యక్తి ఎలా ఉలిక్కిపడతాడో, ఈ వాక్యం దగ్గర ఎగ్జామినరు అలాగే ఉలిక్కిపడతారు. ఇంగ్లిషులో ఆ తేడా సర్వనామంలో కనిపించదు కాబట్టి మనవారికి అది జరిగినట్లే తెలియదు. "యు నో", "గైస్" వంటి మాటల్లోనూ ఆశ్చర్యార్థకంలోనూ అది దాగి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చూడాలి. "ఇట్స్", "డోంట్" అన్న కుదింపు రూపాల వల్లే మీ టోన్ చెడిపోలేదు. ఫార్మల్ లేఖలో వాటిని వదిలేయడం మంచిదే, కానీ ఒకటి రెండు దొర్లితే 7లో ఉండే స్వల్ప లోపాల కింద పోతాయి. కోచింగ్ కేంద్రాల్లో కుదింపు రూపాల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా వైఖరి మీద పెడితే బాగుండునని నాకు తరచూ అనిపిస్తుంది. మీ లేఖలో మారింది మాటలే కాదు, ఎదుటి మనిషితో మీకున్న సంబంధమే మారిపోయింది. రెండో పేరాలో మేనేజరుకు వివరం అందిస్తున్న అద్దెదారు మాట్లాడారు, మూడో పేరాలో పొరుగింటావిడతో ఏజెన్సీని తిట్టుకుంటున్న మనిషి మాట్లాడారు. అది ఒక పదం దగ్గర కాలు జారడం కన్నా పెద్ద లోపం. అయినా చివరి పేరాలో మీరు తిరిగి మర్యాదకు వచ్చి "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని సరిగ్గా ముగించారు కాబట్టి, ఒక పేరాకు పరిమితమైన ఈ మార్పును నేను 6లోని హెచ్చుతగ్గుల కింద లెక్క వేయగలను.

అదే పేరాలో ఇంకొక నష్టం జరిగింది, దాన్ని ఇద్దరు గురువులూ ప్రస్తావించలేదు. "ఐ యామ్ సో ఫెడ్ అప్, మేబీ ఐ షుడ్ జస్ట్ మూవ్ అవుట్" అని రాశారు. హీటరు బాగుచేయమని కోరే లేఖ అక్కడ ఒక్క క్షణం ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పే లేఖలా వినిపించింది. ఖాళీ చేస్తాననే మాటను నిజంగా వాడుకోదలిస్తే, మరమ్మతు జరగకపోతే తీసుకునే తదుపరి చర్యగా చివరి పేరాలో పెట్టాలి. చిరాకులో జారిన మాటగా వదిలేస్తే ప్రయోజనం మసకబారుతుంది. టోన్ జారినప్పుడు ప్రయోజనం కూడా దానితోపాటు జారడం ఫిర్యాదు లేఖల్లో ఎక్కువగా చూస్తాను, ఎందుకంటే మనిషి తన కష్టం చెప్పుకునే చోటే, అంటే సాధారణంగా రెండో బుల్లెట్ దగ్గరే, రాయడం ఆగిపోయి మాట్లాడటం మొదలవుతుంది.

మాట్లాడటం మొదలయ్యాక పదాల మీద అదుపు ఉండదు. మీ లేఖలో మూడో పేరా మిగతా పేరాలన్నింటికన్నా పొడవైనది. ఫలితంగా ఏజెన్సీ ఏం చేయాలో చెప్పమన్న మూడో బుల్లెట్‌కు మిగిలింది ఒకే వాక్యం: "సో ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్ యాజ్ సూన్ యాజ్ పాసిబుల్." మన కార్యాలయాల్లో నిత్యం వాడే ఈ వాక్యంలో మర్యాద ఉంది గానీ అభ్యర్థన లేదు. ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలన్నది ఒక్కటీ లేదు. బుల్లెట్ రాశారా అంటే రాశారు, విస్తరించారా అంటే లేదు. 5లోని వర్ణనకు ఇది సరిగ్గా సరిపోయే స్థితి. మూడు బుల్లెట్లూ రాశాను కదా అని మీరు అడిగినదానికి నా జవాబు ఇదే: బుల్లెట్‌ను ముట్టుకోవడం వేరు, దానికి కనీసం రెండు వాక్యాల వివరం ఇవ్వడం వేరు.

మూడో పేరాను మార్చడానికి మీ కోపాన్ని తీసేయనక్కరలేదు. ఫార్మల్ లేఖ చల్లగా ఉండాలన్న నియమమేదీ లేదు. కోపానికి ఆధారాన్ని వాస్తవాలు ఇవ్వాలి, అంతే. ఆ వాక్యాన్ని ఇలా రాసి చూడండి: "మై టూ యంగ్ చిల్డ్రన్ హ్యావ్ బోత్ ఫాలెన్ ఇల్ సిన్స్ ద హీటింగ్ స్టాప్డ్ వర్కింగ్, అండ్ మై రిపీటెడ్ కాల్స్ టు యువర్ ఆఫీస్ హ్యావ్ నాట్ బీన్ ఆన్సర్డ్. ఐ ఫైండ్ దిస్ అన్‌యాక్సెప్టబుల్." పిల్లల సంగతీ, ఫోన్ ఎత్తని సంగతీ రెండూ ఉన్నాయి, కోపం కూడా తగ్గలేదు. మీరు రాసిన దానికన్నా ఇదే గట్టిగా తగులుతుంది. ఇల్లు ఖాళీ చేసే మాట ఇక్కడి నుంచి పోవాలి.

అలా మిగిలిన పదాలను చివరి పేరాకు తరలించండి. శుక్రవారంలోగా టెక్నీషియన్‌ను పంపమని "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్" అంటూ ఒక వాక్యంలో అడగండి. మరమ్మతు పూర్తయ్యే వరకు రెండు పోర్టబుల్ హీటర్లు ఇవ్వమని ఇంకొక వాక్యంలో కోరండి. ఆలస్యమైతే ఆ రోజులకు అద్దె తగ్గింపు గురించి మాట్లాడాలనుకుంటున్నానని ఇష్టముంటే మూడోది చేర్చండి. ఈ రెండు మార్పులతోనే టాస్క్ అచీవ్‌మెంట్ 7కు చేరగలదని నా నమ్మకం. "క్రేజీ", "గైస్" వంటి మాటలు పోవడం వల్ల లెక్సికల్ రిసోర్స్‌కు కూడా మేలు జరుగుతుంది, ఎందుకంటే ఆ ప్రమాణంలో 7 ఇవ్వడానికి శైలి పట్ల అవగాహన కనిపించాలంటారు.

దీని కోసం ఎంత సమయం వెచ్చించాలన్నది కూడా చెప్పాలి. కెనడా భాషా ప్రమాణమైన సీఎల్‌బీలో 9వ స్థాయి అందుకోవాలంటే రైటింగ్‌లో 7 కావాలి, మీరు చెప్పిన లక్ష్యం అదే అయి ఉంటుంది. వ్యాసం రాసే టాస్క్ 2కు టాస్క్ 1 కన్నా రెట్టింపు విలువ ఉంటుంది. టాస్క్ అచీవ్‌మెంట్ 7 నుంచి 5కు పడితే లేఖ సగటు అర బ్యాండు తగ్గుతుంది. మొత్తం రైటింగ్‌లో లేఖ వాటా మూడో వంతే కాబట్టి అక్కడికి చేరేసరికి ఆ నష్టం అరలో మూడో వంతు అవుతుంది. మీ వ్యాసం గట్టిగా 7 దాటుతుంటే ఇది మిమ్మల్ని ముంచదు. వ్యాసం సరిగ్గా అంచున ఉంటే మాత్రం 7కు, 6.5కు మధ్య తేడా ఇక్కడే తేలవచ్చు. కాబట్టి లేఖకు సూచించిన 20 నిమిషాల్లో చివరి రెండు మూడు నిమిషాలను మొత్తం లేఖ మళ్లీ చదవడానికి కాకుండా, రెండో బుల్లెట్ పేరానూ చివరి పేరానూ మాత్రమే చదవడానికి కేటాయించండి. ఆ రెండు పేరాలనూ వెంటవెంటనే చదివితే, ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్లుంటే మీకే వినిపిస్తుంది.

స్నేహితురాలికి రాసే లేఖల్లో మీ టోన్ ఎదురు దిక్కుకు జారే అవకాశం ఉంది. "హాయ్" అని మొదలుపెట్టి, కంఠస్థం చేసిన టెంప్లేటు గుర్తుకొచ్చి, మూడో పేరాలో "ఐ వుడ్ లైక్ టు ఇన్ఫార్మ్ యు" అనేవారు చాలామంది ఉన్నారు. అది కూడా టోన్ మారడం కిందికే వస్తుంది. మీరు సవరించిన ఫిర్యాదు లేఖతోపాటు అలాంటి లేఖ ఒకటి, టెంప్లేటు చూడకుండా రాసి, పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ చేయి ఏ వైపు ఎక్కువగా జారుతుందో చెప్పగలను.