లలితా సహస్రనామంలో ఏడు చక్రాలు

ప్రశ్న: ఏడు చక్రాల్లో ఏది దేన్ని చూసుకుంటుంది? మూలాధారం డబ్బు, అనాహతం ప్రేమ అని చదివాను, నిజమేనా?

డబ్బు, కెరీర్ లాంటివి ఈ మధ్య కలిపినవి. మన ఇళ్లలో రోజూ చదివే లలితా సహస్రనామంలోనే దీనికి జవాబుంది, కానీ పారాయణ వేగంలో ఎవరూ ఆగి చూడరు. ‘విశుద్ధిచక్రనిలయా’ దగ్గర మొదలుపెట్టి చదవండి. విశుద్ధిలో చర్మం, అనాహతంలో రక్తం, మణిపూరంలో మాంసం, స్వాధిష్ఠానంలో కొవ్వు, మూలాధారంలో ఎముక, ఆజ్ఞలో మజ్జ, సహస్రారంలో శుక్రం. అంటే ఒక్కో చక్రంలోని యోగిని ఒంట్లో ఒక్కో ధాతువుకు అధిదేవత, ఆమెకు ఇష్టమైన అన్నం కూడా అక్కడే చెప్పారు.

ఒక దసరాకు ప్రొద్దుటూరులో మా జేజి ఇంట్లో పారాయణ జరుగుతోంది. మా చిన్నాన్న కూతురు మోకాలి నొప్పితో వచ్చింది. కర్నూలులో ఏదో చక్రాల క్లాసుకు పోతే, డబ్బు గురించిన భయంతో నీ మూలాధారం మూసుకుపోయిందని చెప్పి ఒక ఎర్రరాయి అమ్మారంట. జేజి పుస్తకం తెరిచి ‘అస్థిసంస్థితా’ మీద వేలు పెట్టింది. "ఎముకల తల్లి ఈడుందమ్మా, డబ్బు మాట యాడుంది? ముందు డాక్టరుకు చూపిచ్చుకో" అనింది. ఆ తల్లి ‘ముద్గౌదనాసక్తచిత్తా’, అంటే పెసరపప్పు కలిపిన అన్నమంటే ఇష్టం, మన పులగమే. ఆ పొద్దు నైవేద్యం అదే. మణిపూరానికి బెల్లమన్నం, స్వాధిష్ఠానానికి పెరుగన్నం, ఆజ్ఞకు పసుపన్నం. నైవేద్యం పెడితే మోకాలు బాగవుతుందని మాత్రం ఏ నామంలోనూ లేదు, అలా చెప్పి డబ్బులు గుంజేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ముఖాల లెక్క. విశుద్ధిలో దేవికి ఒకటే ముఖం, అనాహతంలో రెండు, అలా ఒక్కొక్కటి పెరిగి మూలాధారంలో అయిదు. ఎందుకంటే విశుద్ధి నుంచి మూలాధారం దాకా వరసగా ఆకాశం, గాలి, అగ్ని, నీరు, భూమి అంటారు. ఆకాశానికి ఉన్న గుణం శబ్దం ఒక్కటే, గాలికి దానితో పాటు స్పర్శ కూడా ఉంది, అగ్నికి రూపం, నీటికి రుచి చేరతాయి, భూమికి వాసనతో కలిపి అయిదూ ఉంటాయి. కింది చక్రమంటే తక్కువ చక్రం అని చెప్పే వాళ్లు దీన్ని చూడాలి, పంచభూతాల గుణాలన్నీ ఉన్నది అక్కడే.

రంగుల చార్టు మాట కూడా చెప్పాలి. మూలాధారం ఎరుపు, విశుద్ధి నీలం అనే ఇంద్రధనుస్సు వరస పోయిన శతాబ్దంలో పాశ్చాత్య పుస్తకాల్లో కుదిరింది. సహస్రనామంలో విశుద్ధిలోని దేవిది లేత ఎరుపు, మణిపూరంలో ఎరుపు, స్వాధిష్ఠానంలో పసుపు. పైగా మన గ్రంథాలన్నీ ఒకే మాట మీద కూడా లేవు: మామూలుగా మణిపూరం అగ్ని, స్వాధిష్ఠానం నీరు అంటారు, సౌందర్యలహరి 9వ శ్లోకంలో మాత్రం నీరు మణిపూరంలో ఉంది, అగ్ని స్వాధిష్ఠానంలో ఉంది. కాబట్టి ఎవరైనా చార్టు చూపించి ఇదే ఖాయం అంటే, ఏ గ్రంథం ప్రకారం అని అడగండి.